మంచి మాట చదవమంటే గొంతు పెగలని పిల్లలు: ఎక్కడ ఆగుతోంది, ఏం మార్చాలి

నాలుగో తరగతిలో రోజూ ఉదయం ఒకరు లేచి బోర్డు మీది మంచి మాట చదవాలి. సిగ్గరి పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ పని రకరకాలుగా తేడా కొడుతుంది. నా అనుభవంలో తప్పు చాలాసార్లు పిల్లలది కాదు, మనం ఎంచిన మాటది.

సమస్య: చదవగానే అందరి తలలూ ఆ బిడ్డ వైపు తిరుగుతాయి, ఎవరో కిసుక్కుమంటారు.

కారణం: మాట అర్థం ఆ బిడ్డకే తగులుతోంది. ఈ తప్పు నేనూ చేశాను. మూడో బెంచీలో అసలు నోరెత్తని అమ్మాయి ఉండేది. ధైర్యం వస్తుందని 'అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు' రాసి ఆమెనే చదవమన్నాను. సగం చదివేలోపు వెనక నుంచి "నీకే చెప్తున్నారే!" అని వినిపించింది. ఆ పిల్ల కూర్చుండిపోయింది. 'నోరున్నవాడిదే రాజ్యం' కూడా ఇదే కోవలోది.

పరిష్కారం: మాట్లాడటం గురించి, భయం గురించి ఉన్న సామెతలు పక్కన పెట్టండి. పని గురించో, ఓపిక గురించో ఉన్నవి తీసుకోండి. 'నిదానమే ప్రధానం' ఎవరు చదివినా ఎవరినీ వేలెత్తి చూపదు. వంతు కూడా హాజరు పట్టీ వరసలోనే రావాలి, మనం ఏరకూడదు. చదివాక "అబ్బో, ఈ రోజు నోరు విప్పిందే!" అని మెచ్చుకోవడమూ వేలెత్తి చూపడమే. అందరికీ చెప్పినట్టే "సరే, తర్వాత" అంటే చాలు.

సమస్య: మొదలు బాగుంటుంది, చివర వినిపించదు.

కారణం: ఊపిరి చాలదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, ఆ చివరి ముక్క మింగేస్తే అర్థమే పోతుంది. అప్పుడు మనం "మళ్లీ చదువు, గట్టిగా" అంటాం. టెన్షన్ రెట్టింపవుతుంది.

పరిష్కారం: నడుమ విరిగే సామెత ఇవ్వండి. 'నోరు మంచిదైతే | ఊరు మంచిదవుతుంది' చూడండి. ముందు ఆరు అక్షరాలు, తర్వాత ఎనిమిది. నోరు, ఊరు ప్రాస కలవడం వల్ల రెండో సగం దానంతటదే నోటికి వస్తుంది. బోర్డు మీద ఆ గీత గీయండి, అక్కడ ఊపిరి తీసుకోవాలని తరగతి మొత్తానికీ చెప్పండి.

సమస్య: లేచి నిలబడుతుంది, మొదటి మాటే రాదు.

కారణం: ఒక్కోసారి ఆ మాటే నోరు తిరగనిది. 'ధైర్యే సాహసే లక్ష్మీ' అని రాసి, ధై దగ్గర ఆగిపోయిందని బాధపడటం మన పొరపాటు. ఎక్కువసార్లు మాత్రం నిశ్శబ్దాన్ని తానొక్కతే ఛేదించాల్సి రావడం వల్ల ఆగుతుంది.

పరిష్కారం: మొదలు, ముగింపు అందరివీ చేయండి. దీనికి వేమన పద్యం లాంటిది మరొకటి నాకు దొరకలేదు.

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

పద్యంలో 'ధైర్యం' అన్న మాటే లేదు. పాడగా పాడగా రాగం కుదురుతుంది, తినగా తినగా వేపాకు కూడా తియ్యగా అనిపిస్తుంది, అంతే. బెంచీకి ముగ్గురు కాబట్టి తలా ఒక పాదం, మకుటం తరగతి అంతా కలిసి. మొదటి పాదంలో 'అతిశయిల్లుచునుండు' దగ్గర నాలుక మడతపడుతుంది, అది చొరవున్న వాళ్లకు. రెండోది పన్నెండు అక్షరాలే, 'తినగ' రెండుసార్లు వస్తుంది. బెంచీలో నడుమ కూర్చునే వాళ్లకు రెండో పాదం అని నియమం పెట్టాను. ఆ మూడో బెంచీ అమ్మాయి అక్కడే కూర్చుంటుంది, అది ఎవరికీ తట్టలేదు.

మొదటి వారం బెంచీ ముగ్గురూ మూడు పాదాలూ కలిసి చదివారు. రెండో వారం ఎవరి పాదం వాళ్లు, కూర్చునే. మూడో వారం నిలబడి. ఆమె గొంతు ముందు బెంచీ దాకే వచ్చింది, కాగితం మీంచి చూపు ఎత్తలేదు. కానీ 'తియ్యనుండు' దాకా చదివింది. మకుటం అందుకున్న తరగతి గోలలో ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఇవి పనిచేయని చోట: ఇంట్లో గలగలా మాట్లాడుతూ, బడిలో నెల దాటినా ఒక్క మాటా పలకకపోతే అది సిగ్గు కాకపోవచ్చు. కొత్తగా చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు. స్నేహితులతో ఆడేటప్పుడూ మాట మధ్యలో పట్టేస్తుంటే నత్తి కావచ్చు. రెండింటికీ సామెతలు మందు కాదు. చదివించడం ఆపి, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి నిపుణులకు చూపించమనాలి.

ప్రేయర్‌లో మైకు సంగతి వేరు. తన గొంతు స్పీకర్‌లోంచి పెద్దగా తిరిగి వినబడగానే తరగతిలో బాగా చదివేవాళ్లు కూడా ఆగిపోతారు. మా బెంచీ ముగ్గురినీ అక్కడికి ఇంకా పంపలేదు.