అమెరికా గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ తేదీ మార్చమని ముంబై కాన్సులేట్‌కు ఎలా రాయాలి?

అమెరికా పౌరులైన పిల్లలు తల్లిదండ్రుల కోసం ఐ-130 పిటిషన్ వేస్తే, ఆ కేసు నేషనల్ వీసా సెంటర్ దాటి చివరికి ముంబైలోని అమెరికా కాన్సులేట్‌కు చేరుతుంది. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఈ ఇంటర్వ్యూలు అక్కడ జరగవు. వరంగల్ వాళ్లయినా, కరీంనగర్ వాళ్లయినా ముంబై పోవాల్సిందే. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇంటర్వ్యూ లెటరు వచ్చిన వారానికే ఇంట్లో ఎవరో జారిపడటమో, ఆపరేషన్ చేయాల్సి రావడమో జరిగితే ఏం చేయాలో తోచదు. తేదీ మార్చమని అడిగితే కేసే పోతుందేమోనన్న భయంతో కొందరు ఏమీ రాయకుండా ఊరుకుంటారు. నిజంగా ప్రమాదం ఉన్నది అందులోనే.

ఇదంతా వలస వీసా గురించి. టూరిస్టు వీసా పద్ధతి వేరు. భారత్‌లో 2025 జనవరి 1 నుంచి ఆ అపాయింట్‌మెంటును అదనపు ఖర్చు లేకుండా ఒక్కసారే మార్చుకోవచ్చు. రెండోసారి మార్చాలన్నా, వెళ్లకుండా తప్పిపోయినా మళ్లీ ఫీజు కట్టి కొత్తగా బుక్ చేసుకోవాలి.

కేసు ఎప్పుడు పోతుంది?

తేదీ మార్చమని అడిగినంత మాత్రాన కేసు మూయరు. అమెరికా వలస చట్టంలోని 203(జి) సెక్షన్ ప్రకారం, వీసా సిద్ధంగా ఉందని కబురు అందాక ఏడాదిలోపు దరఖాస్తుదారు ముందుకు రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అంటే అసలు ప్రమాదం మౌనంతోనే. ఇంటర్వ్యూకు పోకుండా, ఏమీ రాయకుండా ఏడాది గడిపితే పిటిషన్‌తో పాటు ఒక్కొక్కరికీ కట్టిన 325 డాలర్ల దరఖాస్తు ఫీజు కూడా పోతుంది. ఆ ఫీజు తిరిగి ఇవ్వరు. కాబట్టి మీరు రాసే మెయిల్ రెండు పనులు చేయాలి. కొత్త తేదీ అడగాలి. మీరు ఈ కేసును వదులుకోలేదని రాతపూర్వకంగా చూపాలి.

1. ఎవరికి రాయాలి, ఎవరు రాయాలి

ఇంటర్వ్యూ లెటరు రాకముందైతే కేసు నేషనల్ వీసా సెంటర్ దగ్గరే ఉంటుంది. అప్పుడు వాళ్లకే రాయాలి. లెటరు వచ్చిందంటే విషయం ముంబై చేతికి వెళ్లింది. ఆ తర్వాత వీసా సెంటర్‌కు రాస్తే కాన్సులేట్‌ను అడగమని తిప్పి పంపుతారు, ఈలోగా మీ రోజులు పోతాయి. ఏ చిరునామాకు రాయాలో, వెబ్‌సైట్‌లోనే మార్చుకునే వీలుందో లేదో ఇంటర్వ్యూ లెటరులోనూ, ముంబై కోసం ఇచ్చిన సూచనల పేజీలోనూ చూడండి. పాత వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిరునామాలను నమ్మొద్దు.

మెయిల్ దరఖాస్తుదారు నుంచి గానీ, పిటిషన్ వేసిన కొడుకు లేదా కూతురు నుంచి గానీ, కేసులో నమోదైన వకీలు నుంచి గానీ వెళ్లాలి. వీసా ఫైలులోని వివరాలు గోప్యం. అల్లుడి మెయిల్ నుంచో, కన్సల్టెన్సీ మెయిల్ నుంచో అడిగితే వివరాలు చెప్పకపోవచ్చు. డీఎస్-260 ఫారంలో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే పంపడం అన్నిటికన్నా మంచిది.

2. తల్లికొక కేసు, తండ్రికొక కేసు

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. తల్లిదండ్రుల కేటగిరీలో ఒకే పిటిషన్ కింద ఇద్దరూ రారు. కొడుకు తల్లికొకటి, తండ్రికొకటి వేస్తాడు. కేసు నంబర్లు కూడా రెండు. ముంబై కేసు నంబరు BMB అనే మూడు అక్షరాలతో మొదలై, తర్వాత పది అంకెలు ఉంటాయి. "మా అమ్మానాన్నల ఇంటర్వ్యూ మార్చండి" అని ఒక్క నంబరు రాస్తే ఆ ఒక్కటే మారవచ్చు. రెండో కేసు పాత తేదీకే ఉండిపోయి, ఆ రోజు రాలేదని నమోదవుతుంది.

ఇద్దరివీ మార్చాలా, ఒకరిదేనా అన్నది ముందు ఇంట్లో తేల్చుకోండి. కేసులు వేరు కాబట్టి తల్లి ఒక్కరే పాత తేదీకి వెళ్లి రావచ్చు. కానీ వీసా ముద్ర పడ్డాక దాని గడువు నడుస్తూనే ఉంటుంది. ఆలోపు అమెరికాలో అడుగుపెట్టాలి. మంచం మీద ఉన్న భర్తను వదిలి ఆమె ప్రయాణం కట్టే పరిస్థితి లేకపోతే ఇద్దరివీ కలిపి జరపడమే నయం.

3. మెడికల్ తేదీతో లెక్క కట్టాలి

కాన్సులేట్ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర చేయించిన మెడికల్ సాధారణంగా ఆరు నెలలకు మించి చెల్లదు. వీసా గడువును కూడా ఆ మెడికల్ గడువు దాటి ఇవ్వరు. అందుకే ఎప్పటికి కావాలో అడిగేముందు ఈ లెక్క చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హన్మకొండలో ఉండే దంపతులకు 2026 మార్చి 12న ఇంటర్వ్యూ. భార్య ఫిబ్రవరి 16న మెడికల్ చేయించుకున్నారు. భర్త ఇంకా చేయించుకోలేదు. ఫిబ్రవరి 20న ఆయన బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ఏప్రిల్ చివరి దాకా దూరప్రయాణం వద్దని డాక్టరు రాసిచ్చారు.

ఆమె మెడికల్ ఆగస్టు మధ్య దాకా పనికొస్తుందనుకుందాం. ఇంటర్వ్యూ మే మొదట్లో పడితే, వీసా వచ్చాక ప్రయాణానికి రెండు నెలలకు పైగా మిగులుతుంది. జులై ఆఖరుకు పడితే మిగిలేది రెండు మూడు వారాలే. పాస్‌పోర్టు చేతికి రావడంలో ఆలస్యమైతే మళ్లీ మెడికల్, మళ్లీ డబ్బు. అందుకే "మే 1 తర్వాత దొరికే మొదటి తేదీ" అని అడగాలి, ఆమె మెడికల్ ఎప్పుడు అయిందో కూడా మెయిల్‌లో చెప్పాలి. ఆయన మాత్రం కొత్త తేదీ ఖాయమయ్యేదాకా మెడికల్‌కు పోకుండా ఆగడమే మేలు.

4. మెయిల్ రాయడం

సబ్జెక్టు లైనులోనే పని తెలిసిపోవాలి. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. మనకు 05/03 అంటే మార్చి 5, వాళ్లకు మే 3.

```
BMB2025XXXXXX and BMB2025XXXXXX - Reschedule request - Interview 12 MAR 2026
```

లోపలి మాటలు ఇంగ్లిషులోనే, పది పన్నెండు లైన్లకు మించకుండా రాయాలి. విషయం ఈ వరుసలో ఉంటే చదివే అధికారికి వెతుక్కునే పని ఉండదు:

> ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, కేసు నంబర్లు ఇవి. పిటిషన్ వేసింది మా కుమారుడు, ఆయన పేరు ఇది.
> మా ఇద్దరికీ 2026 మార్చి 12న ఇంటర్వ్యూ ఉంది. ఫిబ్రవరి 20న భర్తకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. ఏప్రిల్ 30 వరకు ప్రయాణం చేయవద్దని డాక్టరు చెప్పారు. లేఖ జతచేశాం.
> రెండు కేసుల ఇంటర్వ్యూలనూ 2026 మే 1 తర్వాత దొరికే మొదటి తేదీకి, ఒకే రోజుకు మార్చవలసిందిగా కోరుతున్నాం.
> భార్య మెడికల్ ఫిబ్రవరి 16న పూర్తయింది. భర్తది ఇంకా కాలేదు.
> మా వలస వీసా దరఖాస్తులను కొనసాగించాలన్నదే మా ఉద్దేశం. ఈ అభ్యర్థన అందినట్టు తెలియజేయగలరు.

చివరి లైను తీసేయొద్దు. రేపు ఏడాది గడువు మీద వివాదం వస్తే చూపించడానికి ఉండేది అదే. "క్యాన్సిల్", "విత్‌డ్రా" అనే మాటలు ఎక్కడా వాడకండి. ఇంటర్వ్యూ మార్చమనే ఉద్దేశంతో "విత్‌డ్రా" అని రాస్తే, దరఖాస్తునే వెనక్కి తీసుకుంటున్నారని అర్థం వస్తుంది. "రీషెడ్యూల్" ఒక్కటే చాలు. "ఆరోగ్యం కుదుటపడ్డాక చెబుతాం" అని తేదీ లేకుండా రాసినా ఉపయోగం లేదు, ఏ నెలలో పెట్టాలో వాళ్లకు తెలియదు.

పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు అక్కడ ఎలా ఉంటే అలాగే రాయాలి. పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరును మనం అలవాటుగా పొడి అక్షరానికి కుదిస్తాం, అలా కుదించొద్దు. డాక్టరు లేఖ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, తేదీ, సంతకంతో, ఏ రోజు వరకు ప్రయాణం వద్దో స్పష్టంగా చెప్పాలి. ఒక పేజీ చాలు. స్కానింగు ఫిల్ములు, బిల్లుల కట్ట పంపనక్కర్లేదు.

5. పంపాక

వెంటనే వచ్చే ఆటోమేటిక్ జవాబు మెయిల్ చేరిందనడానికే గుర్తు, తేదీ మారినట్టు కాదు. కొత్త తేదీతో లెటరో, స్పష్టమైన మెయిలో వచ్చేదాకా పాత అపాయింట్‌మెంటు అలాగే ఉందని అనుకోండి. ceac.state.gov లో కేసు నంబరు కొట్టి చూస్తే `Ready` అని కనిపించవచ్చు. దానర్థం కేసు ఇంటర్వ్యూకు సిద్ధంగా ఉందనే, తేదీ మార్చారని కాదు.

పది పని దినాలు దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లైగా రెండు లైన్లు రాయండి. కొడుకు ఒకటి, కోడలు ఒకటి, మీరొకటి వేర్వేరుగా పంపితే ఒకే కేసు మీద మూడు విన్నపాలు చేరి గందరగోళమవుతుంది. పాత తేదీ వచ్చేసినా జవాబు లేక, ప్రయాణమూ కుదరకపోతే, ఆ రోజుకు ముందే ఒకసారి, తర్వాత మరోసారి రాసి పెట్టండి. పంపిన ప్రతి మెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి.

తేదీ మారితే దాని వెంట మారేవి కూడా చూసుకోవాలి. వేలిముద్రల అపాయింట్‌మెంటు తీసుకుని ఉంటే అది కొత్త తేదీకి ముందే ఉందో లేదో చూడండి. ఇంటర్వ్యూ ఏప్రిల్ 15 దాటిపోతే అమెరికాలో కొత్త ట్యాక్స్ దాఖలు గడువు ముగిసినట్టే. కొడుకు ఆర్థిక పూచీగా ఇచ్చే ఐ-864 ఫారానికి తోడుగా కొత్త ఏడాది ట్యాక్స్ కాగితాలు అడగవచ్చు, కొడుకుతో ముందే తెప్పించి పెట్టుకోండి. పోలీస్ క్లియరెన్స్ తీసుకుని రెండేళ్లు దాటేలా ఉంటే మళ్లీ దరఖాస్తు చేయాలి.

అన్నదమ్ముల కేటగిరీ అయితే

తల్లిదండ్రుల వీసాలకు సంఖ్యా పరిమితి లేదు, కాబట్టి నెల మారినా నష్టం లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోసం వేసిన ఎఫ్-4 కేసులో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి నెలా వీసా బులెటిన్‌లో కటాఫ్ తేదీ వస్తుంది. అది వెనక్కి కూడా జరగవచ్చు. మీ పిటిషన్ దాఖలైన రోజే మీ ప్రయారిటీ తేదీ. మీరు కోరిన నెలలో అది కటాఫ్‌కు అవతల పడితే, మళ్లీ ముందుకొచ్చేదాకా వీసా ఇవ్వలేరు. కేసులో 21 ఏళ్లకు దగ్గరపడ్డ పిల్లలుంటే వాళ్ల వయసు లెక్క వలస వకీలుతో తేల్చుకున్నాకే తేదీ మార్చమని అడగండి.

రద్దు నోటీసు వచ్చేస్తే

ఏడాది దాటి రద్దు నోటీసు వచ్చినా, వీసా సిద్ధమైందని మొదట కబురందిన రోజు నుంచి రెండేళ్లలోపు అయితే ఒక దారి ఉంది. రాలేకపోవడానికి మీ చేతిలో లేని కారణం ఉందని రుజువు చేస్తే రిజిస్ట్రేషన్‌ను తిరిగి నిలబెడతారు. ఆసుపత్రి లేఖ, పంపిన మెయిళ్ల పీడీఎఫ్‌లు, ఆటోమేటిక్ జవాబులు అప్పుడు మీ సాక్ష్యం. వాటిని తేదీల వరుసలో పెట్టి, నోటీసు ఏ కార్యాలయం నుంచి వచ్చిందో వాళ్లకే, కేసుకొక విన్నపం చొప్పున పంపాలి.