వినికిడి తగ్గినవారికి డ్రైవింగ్ – 3వ పాఠం: వెనక నుంచి వచ్చే సైరన్

పోయిన పాఠంలో సీటు ఎత్తు, స్టీరింగ్ దూరం సరిచేసుకున్నాం. అవి కుదిరాకే ఈ పాఠం మొదలుపెట్టండి, ఎందుకంటే ఈరోజు పనంతా అద్దాలతోనే. సీటు కదిలితే అద్దాలన్నీ మళ్ళీ సర్దుకోవాల్సి వస్తుంది.

ముందుగా, చెవి ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవాలి. వినికిడి తగ్గినవారిలో చాలామందికి సైరన్ అసలు వినపడకపోవడం కాదు సమస్య. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి, కీచు శబ్దాలు. సైరన్‌లో అంతకంటే కిందిస్థాయి శబ్దం కూడా ఉంటుంది కాబట్టి ఎంతో కొంత చెవిన పడుతుంది. కానీ అది ఎటు నుంచి వస్తోందో తెలియదు. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత ఆలస్యంగా చేరుతుంది, ఒకవైపు గట్టిగా, రెండోవైపు మెల్లగా ఉంటుంది. ఆ తేడాను బట్టే మెదడు దిక్కు పట్టుకుంటుంది. ఒక చెవి బలహీనమైతే ఆ లెక్క తప్పుతుంది. బాగున్న చెవి వైపు నుంచే అన్ని శబ్దాలూ వస్తున్నట్టు అనిపిస్తుంది.

దీనికి కర్నూలులో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక రిటైర్డ్ మాస్టారు, వయసు అరవై దాటింది. ఎడమ చెవి బాగా తగ్గింది, కుడి చెవి పర్వాలేదు. భార్యతో కలిసి కారులో బళ్ళారి చౌరస్తా దగ్గరికి వస్తుండగా సైరన్ వినిపించింది. కుడివైపు రోడ్డులో నుంచి వస్తోందని ఆయనకు గట్టిగా అనిపించి, ఆ వైపే చూస్తూ బండి నెమ్మది చేశారు. నిజానికి అంబులెన్స్ ఆయన వెనకే, ఒక ఆటో, రెండు బైకుల తర్వాత ఉంది. ఆమె "ఏమండీ, ఎనకాల వస్తాంది, పక్కకు పోనీయండి" అనేదాకా ఆయన అద్దం చూడలేదు. చూపంతా కుడివైపుకు పోయింది. చెవి తప్పు చెప్పింది, కన్ను దాన్ని నమ్మింది.

అందుకని ఈ పాఠంలో మొదటి సూత్రం ఇది. సైరన్ వినపడగానే దిక్కు కోసం చెవిని అడగకండి. చూపును ఎప్పుడూ ఒకే వరుసలో తిప్పండి. ముందు లోపలి అద్దం, తర్వాత కుడి అద్దం, తర్వాత ఎదురుగా రోడ్డు, చివర కూడలి అయితే కుడి, ఎడమ రోడ్లు. "అటు నుంచేలే" అని ఎంత బలంగా అనిపించినా వరుస మార్చకూడదు. బళ్ళారి చౌరస్తాలో మాస్టారు ఈ వరుస పాటించి ఉంటే మొదటి చూపులోనే అంబులెన్స్ దొరికేది.

ఇక అద్దాలు. మన కార్లలో చాలామంది పక్క అద్దాలను తమ కారు వెనక డోరు సగం కనిపించేలా పెట్టుకుంటారు. అది వృథా. మీ కారు ఎక్కడుందో మీకు తెలుసు, తెలియాల్సింది పక్కన ఏముందో. ఇలా సర్దుకోండి. సీట్లో మామూలుగా కూర్చుని లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం పట్టేలా చూసుకోండి. తర్వాత తల కుడివైపు వంచి కిటికీ అద్దానికి ఆనించండి. ఆ స్థితిలో కుడి అద్దంలో మీ కారు పక్క అంచు సన్నగా కనిపించేదాకా అద్దాన్ని బయటికి తిప్పండి. తల మళ్ళీ నిటారుగా పెడితే కారు కనిపించకూడదు. ఎడమ అద్దానికి తలను రెండు ముందు సీట్ల మధ్యకు వంచి, అదే విధంగా చేయండి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి బండి ఆపి ఉంచి, ఇంట్లో ఒకరిని కారు వెనక నుంచి కుడిపక్కగా ముందుకు నడిచి రమ్మనండి. మనిషి లోపలి అద్దంలో నుంచి మాయమయ్యేలోపే కుడి అద్దంలో కనిపించాలి. అందులో నుంచి జారిపోయేలోపే మీ కంటి చివర నేరుగా కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా మాయమైతే ఆ ఖాళీలో బైకు పడుతుంది, అద్దాన్ని రవ్వంత తిప్పి మళ్ళీ నడిపించండి. ఎడమవైపు కూడా అలాగే చూడాలి. కొన్ని బండ్లలో ఎంత తిప్పినా కొంచెం ఖాళీ మిగులుతుంది. అప్పుడు లేన్ మారే ముందు భుజం మీదుగా ఒక చూపు తప్పదు.

పక్క అద్దాలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి వాటిలో బండి చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. వెనక బండి ఎంత వేగంగా దగ్గరవుతోందో తెలుసుకోవాలంటే సమతలంగా ఉండే లోపలి అద్దాన్నే నమ్మండి. ఈమధ్య లోపలి అద్దం మీద తగిలించే పొడుగాటి ఉబ్బెత్తు అద్దాలు దుకాణాల్లో అమ్ముతున్నారు. వినికిడి తగ్గినవారికి ఇది మంచిదని చాలామంది కొంటారు. నేను మాత్రం వద్దంటాను. వెడల్పు చూపిస్తుంది నిజమే, కానీ రెండు వందల మీటర్ల వెనక ఉన్న అంబులెన్స్ అందులో చుక్కలా కనిపిస్తుంది. మనకు ముందుగా తెలియాల్సింది ఆ దూరంలోనే.

ఎంత ముందుగా అంటే ఒక లెక్క చూద్దాం. డోన్ దాటి గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద మీరు 70 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు, వెనక అంబులెన్స్ 100తో వస్తోంది అనుకోండి. తేడా 30. అంటే సెకనుకు సుమారు 8 మీటర్లు అది మీకు దగ్గరవుతోంది. 200 మీటర్ల దూరంలో కంటికి దొరికితే మిమ్మల్ని చేరడానికి 24 సెకన్లు పడుతుంది. ఆరేడు సెకన్లకోసారి లోపలి అద్దం చూసే అలవాటుంటే మీకు మూడు అవకాశాలు ఉన్నట్టు. ఎడమ లేన్‌లోకి మెల్లగా జరిగే టైమ్ దండిగా ఉంటుంది.

ఊళ్ళో లెక్క వేరు. మీరు 30తో, అంబులెన్స్ 50తో వస్తుంటే తేడా 20, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. కానీ ఆటోలు, బస్సులు అడ్డం ఉండి వెనక నలభై మీటర్లకు మించి కనపడదు. అది ఏడు సెకన్లలో అయిపోతుంది. అందుకే అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా, కడప ఏడురోడ్ల కూడలి దగ్గరైనా నాలుగైదు సెకన్లకోసారి అద్దం చూడాలి. చూపు సెకనులో సగం ఉంటే చాలు. అద్దంలోనే చూస్తూ ఉండిపోతే ముందున్న బైకు బ్రేకు వేసేది తెలియదు.

ఈ లయతో పాటు మూడు చోట్ల అద్దం తప్పనిసరి: బ్రేకు వేసే ముందు, ఇండికేటర్ వేసే ముందు, స్టీరింగ్ తిప్పే ముందు. వెనకవాడు హారన్ కొట్టేది ఎక్కువగా ఈ మూడు సందర్భాల్లోనే. రాత్రిపూట హైవే మీద లారీవాళ్ళు హారన్‌కు బదులు డిప్పర్ కొడతారు. లోపలి అద్దంలో వెలుగు రెండుమూడుసార్లు ఎగిరితే దాన్ని హారన్ గానే లెక్కపెట్టండి.

అద్దంలో ఏం వెతకాలి? చాలామంది తిరిగే లైటు కోసం చూస్తారు. మన ఎండల్లో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ లైటు వెలవెలబోతుంది. పగటిపూట హెడ్‌లైట్లు వేసుకుని వస్తున్న తెల్లటి వ్యాను కోసం చూడండి. చాలా అంబులెన్స్‌ల ముందు భాగంలో పేరు తిరగేసి రాసి ఉంటుంది, అద్దంలో అది సరిగ్గా కనిపిస్తుంది. దాని కంటే ముందే తెలిసేది మిగతా బండ్ల నడక. వెనక ఆటోలు ఒక్కసారిగా ఎడమకు జరుగుతున్నా, ముందు బైకు మీద కూర్చున్నవాళ్ళు తల తిప్పి వెనక్కి చూస్తున్నా, వాళ్ళు విన్నది మీరింకా వినలేదని అర్థం.

అద్దాలకు అందనిది ఒకటుంది. అడ్డరోడ్డు నుంచి వచ్చే సైరన్. గ్రీన్ పడినా పక్క బండ్లు కదలడం లేదంటే కారణం ఉంటుంది, వెనకవాళ్ళు తొందరపెట్టినా ముందుకు ఉరకకండి. వరుసలో మొదట మీరే ఉంటే గ్రీన్ పడ్డాక కుడి, ఎడమ, మళ్ళీ కుడి చూసి కదలండి. కూడలి దగ్గర కిటికీ అద్దం రెండు మూడు అంగుళాలు దించి, ఏసీ ఫ్యాన్ తగ్గిస్తే చెవికి కొంత సాయం. హైవే మీద దించితే మాత్రం గాలి హోరుకు హియరింగ్ ఎయిడ్‌లో రొద తప్ప ఏమీ వినపడదు, అక్కడ మూసే ఉంచండి. మీ హియరింగ్ ఎయిడ్ ఎదుటి మనిషి మాటకే మైకును తిప్పుకునే రకమైతే, అన్నివైపుల శబ్దం సమానంగా తీసుకునే ప్రోగ్రామ్ ఒకటి డ్రైవింగ్ కోసం పెట్టమని ఆడియాలజిస్టును అడగండి.

అంబులెన్స్ కనపడ్డాక చేయాల్సింది నాలుగు పనులే. ఎడమ ఇండికేటర్ వేయండి. ఎడమ అద్దం చూసి, బైకు లేదని తేల్చుకుని జరగండి. నడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు వేయకండి. అది దాటిపోయాక వెంటనే బయటికి రాకుండా మళ్ళీ లోపలి అద్దం చూడండి, ఎందుకంటే ఒక్కోసారి దాని వెనకే రెండోది వస్తుంది, దాని సైరన్ మొదటిదాంట్లో కలిసిపోయి మీకు వేరుగా తెలియదు. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఇ ప్రకారం 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడవచ్చు.

పక్కన కూర్చునేవారితో ముందే ఒక ఒప్పందం చేసుకోండి. సైరన్ వినపడితే భుజం తట్టకూడదు, ఉలిక్కిపడతారు. డాష్‌బోర్డు ముందు, మీ కంటికి కనిపించేలా చెయ్యి పెట్టి దిక్కు చూపించాలి. బొటనవేలు వెనక్కి చూపిస్తే వెనక నుంచి, చెయ్యి పక్కకు చాపితే ఆ పక్క నుంచి. మాస్టారు, ఆయన భార్య ఇప్పుడు ఇదే పాటిస్తున్నారు.

వచ్చే పాఠం దాకా ఇది సాధన చేయండి. ట్రాఫిక్ తక్కువ ఉండే ఉదయం పూట, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని పోండి. వాళ్ళు ఉన్నట్టుండి "వెనకేముంది?" అని అడగాలి. అద్దం చూడకుండా, చివరిసారి చూసినదాన్ని బట్టి మీరు చెప్పాలి: తెల్ల కారు, దాని వెనక పాల వ్యాను, ఎడమన బైకు. చెప్పాక వాళ్ళు వెనక్కి తిరిగి సరిచూస్తారు. తప్పు చెప్తే మీ చూపుల మధ్య ఎడం ఎక్కువైందని అర్థం. ఎప్పుడడిగినా సరిగ్గా చెప్పగలిగేదాకా ఊరి మధ్యలోకి ఒంటరిగా పోవద్దు.

కడప నుంచి రాయచోటికి పోయేవాళ్ళు గువ్వలచెరువు ఘాట్‌లో ఈ పాఠాన్ని నమ్ముకోవద్దు. అక్కడ మలుపు అవతల నుంచి కొట్టే హారన్ ముందు నుంచి వస్తుంది, ఏ అద్దానికీ దొరకదు. దాని సంగతి 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా ఆ దారిలో పోవాల్సి వస్తే హెడ్‌లైట్లు వేసుకుని, మీ ఎడమ అంచు వదలకుండా, కనిపించే రోడ్డులో సగం దూరంలోనే ఆగగలిగే వేగంతో పోండి. మలుపు దగ్గర మీరు హారన్ కొట్టడం మాత్రం మానకండి, అది ఎదుటివాళ్ళకు వినపడుతుంది.