వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఎంత సామర్థ్యం కావాలో లెక్కగట్టడం ఎలా?

తిరుపతిలో ఫ్యాన్ కొనడానికి వెళ్లేవారు చాలామంది గోడలో ఉన్న రంధ్రం కొలతే చెబుతారు. “తొమ్మిది అంగుళాలది ఇవ్వండి” అంటారు, దుకాణదారు ఇచ్చేస్తాడు. ఒకే సైజు ఫ్యాన్లలోనూ రెక్కలు, మోటారు వేగాన్ని బట్టి గాలి లాగే శక్తి మారుతుంది. అంగుళాలు రంధ్రానికి సంబంధించినవి, గాలికి కాదు.

ముందు గదిని టేపుతో కొలవండి. బైరాగిపట్టెడలో నేను ఫ్యాన్ బిగించిన ఒక వంటిల్లు పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, పది ఎత్తు. అంటే 800 ఘనపు అడుగులు. 35.3తో భాగిస్తే సుమారు 22.7 ఘనపు మీటర్లు. అటకలు, అలమరల కోసం ఏమీ తీసేయకండి.

తర్వాత గంటకు ఎన్నిసార్లు గాలి మారాలో నిర్ణయించుకోవాలి. ఇళ్ల వంటగదులకు 15 నుంచి 20 అంటారు. ఎండుమిరప తాలింపు రోజూ వేసే మన ఇళ్లకు 20కి తగ్గకూడదు. 22.7ని 20తో హెచ్చిస్తే గంటకు 454 ఘనపు మీటర్లు.

లెక్క అయిపోయిందనుకుని ఇక్కడే ఆగిపోతారు. పెట్టె మీద రాసిన సామర్థ్యం ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. గోడలో బిగించాక జాలీ, బయటి రెక్కల మూత, నూనె జిడ్డు అన్నీ దాన్ని తగ్గిస్తాయి. అందుకే నేను అవసరమైన అంకెను 0.7తో భాగిస్తాను. 454 అలా సుమారు 650 అవుతుంది. పెట్టె మీద గంటకు 650 ఘనపు మీటర్లు ఉన్నదే కొనాలి. పొడవాటి గొట్టం పెడితే ఇదీ చాలదు. వంపులు ఎక్కువైతే ఇంకా పెద్దది కావాలి. కొన్ని పెట్టెల మీద అంకె నిమిషానికి ఘనపు మీటర్లలో ఉంటుంది, 60తో హెచ్చించి పోల్చండి.

అంతకన్నా పెద్ద పొరపాటు, లోపలికి వచ్చే గాలిని మరచిపోవడం. బయటికి పోయినంత గాలి ఎక్కడినుంచో రావాలి. ఆ బైరాగిపట్టెడ ఇంట్లో హాలులో ఏసీ ఉందని వంటింటి తలుపు మూసి, కిటికీ కూడా బిగించేవారు. తలుపు కింద సందు ఒక సెంటీమీటరు. కొత్త ఫ్యాన్ గట్టిగా మోగేది తప్ప పొగ కదిలేది కాదు. అంత గాలి నింపాదిగా రావాలంటే ఒకటిన్నర చదరపు అడుగుల దారి కావాలి, కిటికీ రెక్క ఒకటి తెరిస్తే చాలు. అయితే అది ఫ్యాన్ పక్కనే ఉండకూడదు. అలా ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, పొయ్యి దగ్గర పొగ అలాగే నిలుస్తుంది.

పరీక్ష సులువు. తలుపులు, కిటికీలు మూసి ఫ్యాన్ నడపండి, తర్వాత తలుపు కొంచెం తెరవండి. తలుపు మీ చేతిలోంచి లాక్కుపోతున్నట్టు అనిపిస్తే, ఫ్యాన్ శబ్దం మారితే, ఇంతసేపూ దానికి గాలి అందలేదన్నమాట. ఇంకా పెద్ద ఫ్యాన్ కొనేముందు కిటికీ తెరవండి.