ముందు స్టడీ లేదని 0.5 పెట్టేశారా?

సమస్య

థీసిస్ ప్రోటోకాల్ తీసుకుందాం. ఉప్పు తగ్గించమని హైబీపీ పేషెంట్లకు వారం వారం ఫోన్ చేసి చెబితే బీపీ తగ్గుతుందా అన్నది ప్రశ్న. ఇలాంటి స్టడీ ముందు ఎవరూ చేయలేదు. శాంపిల్ సైజు లెక్కగట్టే G*Power సాఫ్ట్‌వేర్‌లో `Effect size d` గడిలో 0.5 ముందే ఉంటుంది, దాన్ని అలాగే వదిలేశారు. రెండు వైపుల టెస్టుకి, 80 శాతం పవర్‌కి గ్రూపుకి 64 మంది అని వచ్చింది. ఏడాది తిరిగాక తేడా 3 మి.మీ. కనబడింది, p విలువ మాత్రం 0.05 దాటింది.

కారణం

0.5 అంటే స్టాండర్డ్ డీవియేషన్‌లో సగం. సిస్టాలిక్ బీపీకి ఆ డీవియేషన్ 15 అనుకుంటే, మీరు ఆశించింది 7.5 మి.మీ. తగ్గుదల. ఒక బీపీ మాత్ర పూర్తి డోసులో తగ్గించేదే సుమారు 9. ఫోన్ కాల్ మాత్రకి దగ్గరగా పనిచేస్తుందని రాసిచ్చినట్టే కదా!

పైగా 0.5కి పెట్టిన 'మీడియం' అన్న మాటకి స్థిరమైన అర్థం లేదు. 140-159 మధ్య ఉన్నవాళ్లనే చేర్చుకుని డీవియేషన్ 10కి తగ్గితే, అదే 0.5 ఇప్పుడు 5 మి.మీ. అవుతుంది. చిన్న, మీడియం, పెద్ద తేడాలకి 0.2, 0.5, 0.8 అన్న అంకెలిచ్చిన స్టాటిస్టీషియన్ జాకబ్ కోహెన్ కూడా వాటిని మెరుగైన ఆధారం దొరకనప్పుడే వాడమన్నాడు.

నిజమైన తేడా 3 అయితే గ్రూపుకి 64 మందితో దాన్ని పట్టుకునే అవకాశం ఐదింట ఒకటి. అదృష్టం కలిసొచ్చి p చిన్నదిగా రావాలన్నా, కనబడే తేడా 5 దాటాలి. అంటే ఫలితం వచ్చిందంటే అది ఉన్నదానికంటే పెద్దదిగానే వస్తుంది.

పరిష్కారం

d గురించి కాసేపు మర్చిపోయి మి.మీ.లలో ఆలోచించండి. స్టడీ లేదన్నది మీ ఫోన్ కాల్ గురించే. ఉప్పు గురించి ట్రయల్స్ బోలెడున్నాయి: హైబీపీ ఉన్నవాళ్లు రోజుకి 4 గ్రాములకు పైగా తగ్గిస్తే సిస్టాలిక్ సుమారు 5 తగ్గుతుంది. ఫోన్‌లో చెబితే ఉప్పు అందులో సగమే తగ్గిస్తారనుకుందాం (నాకైతే అదీ ఎక్కువే అనిపిస్తుంది). రెండున్నర, మహా అయితే 3. ఇంత తగ్గినా ఈ పని చేయించడం లాభమేనా అని మీ గైడ్‌ని అడగండి. కాదంటే స్టడీయే వద్దు.

అవునంటే డీవియేషన్‌ని మీ ఓపీ రిజిస్టర్ నుంచి తీయండి. పైలట్ చేస్తే దాన్నుంచి డీవియేషన్, మధ్యలో మానేసేవాళ్ల లెక్క తీసుకోండి. 20 మందిలో కనబడిన తేడాని మాత్రం నమ్మొద్దు, అది ఎటైనా ఊగుతుంది.

```
n = 16 × SD² / తేడా²
  = 16 × 225 / 9 = 400
```

గ్రూపుకి 400! ఇక్కడే చాలామంది తేడాని 5కి పెంచేసి లెక్క 144కి దించుతారు. దానికి బదులు డిజైన్ మార్చండి. మొదటి రోజు బీపీకి, చివరి బీపీకి కోరిలేషన్ 0.6 ఉంటే, మొదటి బీపీని విశ్లేషణలో చేరిస్తే 400ని 1 − 0.6², అంటే 0.64తో గుణించొచ్చు: 256. ప్రతిసారీ రెండు మూడు రీడింగుల సగటు తీస్తే డీవియేషన్ ఇంకాస్త తగ్గుతుంది. అప్పటికీ అంతమంది దొరక్కపోతే దాన్ని పైలట్ అనే పిలవండి, p విలువ జోలికి పోకుండా తేడాని దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో రాయండి.