నర్సింగ్ ఎస్సే అప్‌లోడ్ చేసే ముందు: సైటేషన్ల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బ్రిటన్‌లో టాప్-అప్ డిగ్రీకో, ఎమ్మెస్సీ నర్సింగ్‌కో వెళ్లిన మన పిల్లలకు వార్డు పని పెద్దగా భయం అనిపించదు. మొదటి ఎస్సే దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ పరీక్షల్లో పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పడేవి. అక్కడ అదే పని చేస్తే ప్లేజరిజం అంటారు. పైగా నర్సింగ్ విద్యార్థి విషయంలో అది మార్కులతో ఆగకపోవచ్చు. బ్రిటన్‌లో నర్సులను రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్ఎంసీ, ఇచ్చిన కోడ్ నర్సు ఎప్పుడూ నిజాయితీగా ఉండాలని చెబుతుంది కాబట్టి, తీవ్రమైన కేసులు నర్సు పనికి తగినవారా కాదా అని తేల్చే ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ విచారణ దాకా వెళ్లొచ్చు. కావాలని దొంగిలించకపోయినా ఇందులో ఇరుక్కోవచ్చు. అందుకే ఈ జాగ్రత్తలు.

ముందుగా ఒక మాట. సైటేషన్లు, అంటే సమాచారం ఎక్కడిదో చూపే గుర్తులు, రాయడానికి వాడే హార్వర్డ్ స్టైల్‌కు ఒకే అధికారిక రూపం లేదు. ఇంటిపేరు, సంవత్సరం వాక్యంలో రాయడం, పూర్తి వివరాలు చివర అక్షర క్రమంలో ఇవ్వడం అన్ని చోట్లా ఒకటే. కామా ఎక్కడ, పేజీ నంబర్ ఎలా అన్నవి యూనివర్సిటీని బట్టి మారతాయి. మీ లైబ్రరీ ఇచ్చిన గైడ్ ఒక్కటే తెరిచి పెట్టుకోండి. ఇంకో కాలేజీలో చదివే ఫ్రెండ్ ఎస్సే చూసి ఫార్మాట్ దింపుకోవద్దు.

అసలు ప్రమాదం రాసేటప్పుడు కాదు, నోట్సు తీసుకునేటప్పుడు మొదలవుతుంది. ఒక నిజమైన పేపర్ తీసుకుందాం. లిండా ఐకెన్ బృందం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం. 9 యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులు, 50 ఏళ్లు, ఆపై వయసున్న సర్జరీ పేషెంట్లు. ఒక్కో నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగితే, చేరిన 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. సేఫ్ స్టాఫింగ్ మీద రాసే దాదాపు ప్రతి విద్యార్థీ దీన్ని వాడుకుంటారు.

సాధారణంగా జరిగేది ఇదీ. అబ్‌స్ట్రాక్ట్‌లోంచి వాక్యాన్ని కాపీ చేసి వర్డ్ ఫైల్‌లో పెడతారు. రెండు వారాల తర్వాత అది పేపర్‌లోని వాక్యమో తమ వాక్యమో గుర్తుండదు. గుర్తున్నా, ఇంక్రీజ్ తీసేసి రైజ్ అని, లైక్లీహుడ్ తీసేసి ఛాన్స్ అని పెట్టి సొంత మాటలు అయిపోయాయనుకుంటారు. వాక్యం నడక, విషయాల వరుస మూలంలోవే ఉంటే, కింద సైటేషన్ పెట్టినా దాన్ని ప్లేజరిజం కిందే లెక్కిస్తారు. మార్కులు వేసేవారికి ఇది తేలిగ్గా తెలిసిపోతుంది. ఒక పేరా సాఫీగా, ముందూ వెనకా పేరాలు ఇంకోలా ఉంటే వాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది.

దీనికి బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. పేపర్ చదివాక మూసేయండి. పక్కనున్న ఫ్రెండ్‌కు చెప్పినట్టు ఆ విషయాన్ని తెలుగులో చెప్పుకోండి. ఎవరి మీద చేశారు, ఏం కొలిచారు, ఏం తేలింది. ఆ తెలుగు మాటల్లోంచి ఇంగ్లిష్ వాక్యం రాయండి. అప్పుడు పేపర్ తెరిచి అంకెలు సరిచూసుకోండి. తెలుగులో చెప్పలేకపోతే ఆ పేపర్ మీకింకా అర్థం కాలేదని లెక్క, మళ్లీ చదవాల్సిందే. అలా వచ్చిన వాక్యం ఇలా ఉండొచ్చు:

```
Aiken et al. (2014) studied surgical patients aged 50
and over in nine European countries. For each extra
patient a nurse cared for, the odds of death within
30 days of admission were 7% higher.
```

ఇందులో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇది పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనం. సంబంధం కనిపించింది అనాలి గానీ, పేషెంట్లు పెరగడం వల్లే చనిపోయారని రాస్తే పేపర్ చెప్పని మాటను రచయితల నోట పెట్టినట్టే. పేషెంట్లందరికీ వర్తించినట్టు రాసినా అంతే. యథాతథంగా ఒక వాక్యం కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పేజీ నంబర్ ఇవ్వండి. అలాంటివి ఎస్సే మొత్తంలో ఒకటో రెండో చాలు.

ఇక సంవత్సరం సంగతి. ఇదే ఐకెన్ బృందం 2002లో జామా అనే వైద్య పత్రికలో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద ఇంకో పేపర్ రాసింది. అక్కడా సర్జరీ పేషెంట్లే, అక్కడా 7 శాతమే. సంవత్సరం తప్పు వేస్తే అమెరికా ఫలితాన్ని యూరప్‌కు అంటగట్టినట్టవుతుంది, ఎవరూ చెప్పకపోతే మీకు తెలియదు కూడా. ఈ తప్పు ఎక్కువగా పాఠ్యపుస్తకం చదివి, అందులో కనిపించిన పేరును తామే చదివినట్టు రాసేవాళ్లకు జరుగుతుంది. మూలం దొరికితే తెచ్చుకుని చదవండి. దొరక్కపోతే ఉన్నదున్నట్టు చెప్పండి:

```
(Aiken et al., 2002, cited in Author, 2021)
```

Author అన్న చోట మీరు చదివిన పుస్తక రచయిత ఇంటిపేరు, ఆ పుస్తకం వచ్చిన సంవత్సరం వస్తాయి. చివరి జాబితాలో మాత్రం మీ చేతిలో ఉన్న ఆ పుస్తకాన్నే చూపించాలి. హార్వర్డ్‌లో చాలా చోట్ల ఇదే పద్ధతి.

నర్సింగ్‌లో వ్యక్తుల కంటే సంస్థలే రచయితలుగా ఎక్కువ వస్తాయి. ఎన్ఎంసీ కోడ్ సవరించిన రూపం 2018లో వచ్చింది. రిజిస్టర్డ్ నర్సులకు ఉండాల్సిన ప్రొఫిషియెన్సీ స్టాండర్డ్స్ కూడా 2018లోనే వచ్చాయి. రెండూ వాడితే ఇలా విడదీయాలి:

```
(NMC, 2018a)
(NMC, 2018b)
```

ఏ అక్షరం దేనిదో జాబితాలోనూ అదే ఉండాలి. చివర్లో ఒకదాన్ని తీసేస్తే అక్షరాలు మళ్లీ సరిచూడండి.

ప్లేస్‌మెంట్‌లో చూసిన పాలసీని వాడినప్పుడు ఇంకా జాగ్రత్త. దాని పూర్తి పేరు రాస్తే ఆసుపత్రి ఏదో తెలిసిపోతుంది, దాంతో మీరు రాసిన పేషెంట్ ఎవరో ఊహించే వీలు ఏర్పడుతుంది. చాలా యూనివర్సిటీలు ఆ పేరును దాచి, లోకల్ ఎన్‌హెచ్ఎస్ ట్రస్ట్ అని మాత్రమే ఇవ్వమంటాయి. మీ హ్యాండ్‌బుక్‌లో దీని మీద విడిగా ఒక పేరా ఉందేమో చూడండి. మూలం చెప్పాలన్న నియమం కంటే పేషెంట్ గోప్యత ఇక్కడ ముందొస్తుంది.

ఎస్సేను వేరే మూలాలతో పోల్చి చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ చూపే శాతం పోలిక శాతమే, తప్పు శాతం కాదు. రిఫరెన్స్ జాబితా, ప్రశ్న, కొటేషన్లు కూడా అందులో కలిసిపోవచ్చు. 25 శాతం ఉండి ఏ తప్పూ లేకపోవచ్చు. 10 శాతమే ఉండి, అదంతా ఒకే పేరాలో ఒకే మూలం నుంచి వస్తే ప్రమాదం. అంకె చూసి ఊపిరి పీల్చుకోకుండా, రంగు పడిన ఒక్కో ముక్కనూ తెరిచి చూడండి. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకరి డ్రాఫ్ట్ ఇంకొకరికి పంపుకోవడం మన వాళ్లలో మామూలే. ఇద్దరి ఫైళ్లూ కలిస్తే కొల్యూజన్ అంటారు, ఇచ్చిన మనిషికీ శిక్ష పడవచ్చు. టాపిక్ గురించి మాట్లాడుకోండి, ఫైల్ మాత్రం పంపొద్దు. పోయిన సెమిస్టర్‌లో మీరే రాసిన పేరాను అనుమతి లేకుండా మళ్లీ పెట్టడం కూడా తప్పే.

అప్‌లోడ్ చేసే ముందు రోజు ఎస్సేను ప్రింట్ తీసి, ప్రతి సైటేషన్ దగ్గర ఆగి జాబితాలో దాని పక్కన టిక్ పెట్టండి. జాబితాలో టిక్ పడనిది మిగిలితే తీసేయండి. ఎస్సేలో ఉండి జాబితాలో లేనిది ఉంటే చేర్చండి. ఒక వాక్యం ఎక్కడిదో ఎంత వెతికినా దొరక్కపోతే, దాని కింద దగ్గరగా ఉన్న ఏదో ఒక పేరు తగిలించకండి. ఆ వాక్యాన్ని కొట్టేసి, మీ దగ్గర ఉన్న మూలంతో ఆ పాయింట్ మళ్లీ రాయండి.