రెండు దెబ్బల లెక్క – మూడో పాఠం: రెండో దెబ్బ కణితిలో, మొదటిది ఎక్కడ?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. రెటినోబ్లాస్టోమా, అంటే పసిపిల్లల కంటి రెటీనాలో పుట్టే క్యాన్సర్, కొన్ని కుటుంబాల్లో తరతరానా కనిపిస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తుంది. వంశవృక్షం గీస్తే అచ్చమైన బహిర్గత లక్షణం, అంటే ఒక్క కాపీ పాడైనా బయటపడేది. కానీ కణం లోపల చూస్తే ఆర్‌బి1 జన్యువు రెండు కాపీలూ పాడైతే తప్ప కణితి పుట్టదు. ఒక్క కాపీ మిగిలినా చాలు, కణం అదుపులోనే ఉంటుంది. అంటే కణం స్థాయిలో అది అంతర్గతం. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

మనం దేన్ని లెక్కపెడుతున్నామో చూసుకుంటే చిక్కు విడిపోతుంది. ఒక కాపీ పాడవడాన్ని ఒక దెబ్బ అంటున్నాం. పాడైన కాపీతో పుట్టిన బిడ్డలో ప్రతి రెటీనా కణానికీ మొదటి దెబ్బ పుట్టుకతోనే తగిలి ఉంది. రెండోది ఒక కణానికి తగలడం చాలా అరుదు. కానీ ఎదుగుతున్న రెటీనాలో విభజన చెందే కణాలు లక్షల్లో ఉంటాయి. ఏదో ఒక కణానికి రెండో దెబ్బ తగలడం దాదాపు ఖాయం. బిడ్డకు వారసత్వంగా వచ్చింది క్యాన్సర్ కాదు, మొదటి దెబ్బ. రెండోది అంత తేలిగ్గా దొరుకుతుంది కాబట్టే జబ్బు బహిర్గతంలా కనిపిస్తుంది.

‘దాదాపు ఖాయం’ అంటే ఎంత? పాడైన కాపీతో పుట్టిన బిడ్డకు రెండు కళ్లలో కలిపి సగటున మూడు కణితులు వస్తాయని 1971లో జన్యుశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ క్నూడ్సన్ అంచనా వేశాడు. ఆయన ముందున్నవి 48 మంది పిల్లల కేసు రికార్డులు మాత్రమే. ఆర్‌బి1 ఎక్కడుందో కూడా అప్పటికి తెలియదు. సగటు మూడు అయితే, అరుదైన సంఘటనలకు వాడే పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక్క కణితీ రాకుండా తప్పించుకునే అవకాశం ఇది:

```
e^(-3) ≈ 0.05
```

నూటికి ఐదుగురు. వంశంలో ఒక తరాన్ని దాటేసి జబ్బు మళ్లీ కనిపించినప్పుడు మధ్యలో ఉన్నది ఈ ఐదుగురిలో ఒకరే కావచ్చు. ఇదే లెక్కను ఒక్కో కంటికి వేసి చూడండి. సగటు కంటికి 1.5. ఒక కన్ను తప్పించుకునే అవకాశం e^(-1.5), అంటే సుమారు 0.22. కాబట్టి రెండు కళ్లకూ రావడం 0.78 × 0.78, దాదాపు 60 శాతం. ఒక్క కంటికే రావడం 2 × 0.22 × 0.78, దాదాపు 35 శాతం. మిగిలిన 5 శాతానికి ఏమీ లేదు. ఈ 35 శాతాన్ని గుర్తుపెట్టుకోండి. రెండు కళ్లకూ వస్తే వారసత్వం అనుకోవడం సబబే. ఒక్క కంటికే వస్తే వారసత్వం కాదనుకోవడం మాత్రం లెక్కకు నిలవదు. కుటుంబ చరిత్ర లేకుండా ఒక్క కంటికే జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు 15 శాతం మంది ఒంటినిండా మొదటి దెబ్బను మోస్తూనే ఉంటారు.

క్నూడ్సన్ తన వాదనను వయసు మీద నిలబెట్టాడు. ఇంకా జబ్బు బయటపడని పిల్లల వంతును లాగరిథమ్ అక్షం మీద, వయసును అడ్డంగా పెట్టి గీస్తే, రెండు కళ్లకూ వచ్చినవాళ్ల గీత దాదాపు వంపు లేకుండా సరళరేఖలా దిగుతుంది. ఒకే సంఘటన కోసం ఎదురుచూస్తుంటే, నెలనెలా దాని అవకాశం అంతే ఉంటే, మిగిలినవాళ్లు ప్రతినెలా ఒకే నిష్పత్తిలో తగ్గుతారు. అదే ఆ సరళరేఖ. ఒక్క కంటికి వచ్చినవాళ్ల గీత మొదట్లో మెల్లగా దిగి తర్వాత వంగుతుంది. ఒక దెబ్బ తిన్న కణాలు ముందు పోగవ్వాలి, రెండోది వాటిలో ఒకదానికి తగలాలి. అందుకే ఆలస్యం.

ఇప్పుడు అసలు పనికొద్దాం. లెక్క కోసం ఒక కేసు కల్పిస్తాను. పద్దెనిమిది నెలల పాప, ఎడమ కంట్లో ఒకే కణితి, ఇంట్లో ఎవరికీ లేదు. కన్ను తీసేయాల్సి వచ్చింది. కణితి డిఎన్‌ఏలో ఆర్‌బి1ను చదివితే ప్రోటీన్‌ను మధ్యలోనే ఆపేసే ఒక మ్యుటేషన్ కనిపించింది, అదీ 80 శాతం రీడ్‌లలో, అంటే ఆ చోటును చదివిన డిఎన్‌ఏ ముక్కల్లో నూటికి 80 వాటిలో. తీసిన ముక్కలో 80 శాతం కణితి కణాలు, 20 శాతం మామూలు కణాలు ఉన్నాయని పాథాలజిస్టు చెప్పారు. రెండో దెబ్బ ఏది? మొదటిది పాప ఒంటినిండా ఉందా?

కాపీలు లెక్కపెడదాం. వంద కణాలు తీసుకుంటే 80 కణితివి, 20 మామూలువి. మ్యుటేషన్ కణితిలోనే పుట్టి, మంచి కాపీ ఒక్కటే అలాగే ఉండిపోయి ఉంటే 200 కాపీల్లో 80 చెడ్డవి, అంటే 40 శాతం. మన దగ్గర 80 ఉంది. అంటే కణితి కణాల్లో మంచి కాపీ పోయింది. పోయే దారులు చాలా ఉన్నాయి. రెటినోబ్లాస్టోమాలో తరచుగా జరిగేది ఏమిటంటే, కణవిభజనలో ఆర్‌బి1 మంచి కాపీ ఉన్న 13వ క్రోమోజోమో, అందులోని భాగమో పోయి, దాని చోట చెడ్డ దానికి మరో నకలు వస్తుంది. కాపీలు రెండే ఉంటాయి, కానీ రెండూ చెడ్డవే. 1983లో వెబ్‌స్టర్ కావెనీ బృందం రక్తాన్నీ కణితినీ పక్కపక్కన పెట్టి చూపించింది ఇదే: రక్తంలో తల్లి వైపు గుర్తు, తండ్రి వైపు గుర్తు రెండూ ఉన్నాయి, కణితిలో ఒకటి మాయమైంది.

ఈ దారిలో జరిగి ఉంటే కణితి కణాల నుంచి 160 చెడ్డ కాపీలు. మొదటి దెబ్బ కణితిలోనే పుట్టినదైతే మామూలు కణాల్లో చెడ్డది సున్నా. మొత్తం 160/200, అంటే 80 శాతం. పుట్టుకతో వచ్చినదైతే 20 మామూలు కణాల్లోనూ ఒక్కొక్కటి ఉంటుంది. 180/200, అంటే 90 శాతం. మనకు వచ్చింది 80, కాబట్టి వారసత్వం కాదని రాసేద్దామా? తొందరపడకండి. మంచి కాపీ నకలేమీ రాకుండా ఊరికే ఊడిపోయి ఉంటే కణితి కణాలకు ఒక్కో కాపీయే ఉంటుంది. మొత్తం కాపీలు 80 + 40 = 120. పుట్టుకతో వచ్చినదైతే 100/120, అంటే 83 శాతం. 80కీ 83కీ తేడా రీడ్‌ల ఊగిసలాటలో కలిసిపోతుంది. పైగా ‘80 శాతం కణితి కణాలు’ అన్నది కంటిచూపు అంచనా, పదీ పదిహేను శాతం అటూఇటూ కావచ్చు. నా మాట వింటే ఈ శాతాన్ని ‘మంచి కాపీ పోయిందా లేదా’ అన్న ప్రశ్నకే వాడండి. ‘మొదటిది ఎక్కడ పుట్టింది’ అన్నది రక్తమే చెప్పాలి.

రక్తంలో ఆ మ్యుటేషన్ కనబడలేదనుకుందాం. ఏది వెతకాలో కణితి ముందే చెప్పింది కాబట్టి ఈ ‘లేదు’కు బలం ఉంది. కణితిని చూడకుండా రక్తం మాత్రమే చూసి ఏమీ లేదంటే, పరీక్షకు అందని రకం మార్పేదో తప్పించుకుని ఉండొచ్చన్న అనుమానం మిగిలేది. అయినా ఒక సందు ఉంది. పిండం ఎదిగే దశలో ఒక కణంలో మొదటి దెబ్బ పుట్టి, శరీరంలో కొంత భాగానికే పాకి ఉండొచ్చు. దీన్ని మొజాయిసిజం అంటారు. రక్తంలో అది మరీ తక్కువ కణాల్లో ఉంటే పరీక్షకు దొరకదు. కాబట్టి పాప తోబుట్టువులకు నిశ్చింత, ఎందుకంటే మొజాయిక్ మార్పు పాపలో కొత్తగా పుట్టింది. కానీ ఆమె పెద్దయ్యాక పుట్టే పిల్లలకు ఇదే మ్యుటేషన్ కోసం చూడమని చెప్పడం మానకూడదు.

అదే కణితిలో మ్యుటేషన్ 40 శాతమే కనిపించి, రెండోది దొరక్కపోతే? ఇక్కడ చాలామంది జారిపడతారు, ‘ఈ కణితికి ఒక్క దెబ్బే సరిపోయింది’ అని. ఆర్‌బి1 మొదట్లోని నియంత్రణ భాగానికి మిథైల్ గుంపులు అంటుకుని జన్యువు మూగబోవచ్చు. అక్షరాల వరుస మారదు కాబట్టి మామూలు సీక్వెన్సింగ్‌కు కనబడదు. ప్రోటీన్‌గా మారని ఇంట్రాన్ భాగాల లోపలి మార్పులూ తప్పించుకుంటాయి. ముందు మన పరీక్షను అనుమానించాలి, తర్వాతే సిద్ధాంతాన్ని. నిజమైన మినహాయింపు లేకపోలేదు: ఒక్క కంటి కేసుల్లో బహు కొద్దింట ఆర్‌బి1 చెక్కుచెదరకుండా ఉంటుంది, బదులుగా కణాన్ని పెరగమని నెట్టే ఆంకోజీన్‌లలో ఒకటైన ఎమ్‌వైసిఎన్ కాపీలు ఎన్నో రెట్లు పెరిగి ఉంటాయి.

ఆంకోజీన్ మాట వచ్చింది కాబట్టి, వారసత్వంగా వచ్చే ఆంకోజీన్‌లో లెక్క ఎలా మారుతుందో చూద్దాం. హార్మోన్ గ్రంథుల్లో కణితులు పుట్టే వారసత్వ జబ్బు ఎంఇఎన్ 2 సిండ్రోమ్‌లో రెట్ జన్యువు మార్పుతో పుట్టినవాళ్లకు థైరాయిడ్‌లోని సి కణాల నుంచి మెడుల్లరీ క్యాన్సర్ వస్తుంది. 634వ స్థానంలోని సిస్టీన్ మారితే, జత కోల్పోయిన పక్క సిస్టీన్ మరో రెట్ అణువుతో అతుక్కుంటుంది. రెట్ బయటి సంకేతాన్ని అందుకునే రిసెప్టర్; అలా అతుక్కుంటే సంకేతం రాకపోయినా ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. పక్కన మంచి కాపీ ఉన్నా దాన్ని ఆపలేదు. కాబట్టి ఇక్కడ కణితిలో మంచి కాపీ పోయిందేమోనని వెతకడం అనవసరం. మ్యుటేషన్ సుమారు 50 శాతం కనిపిస్తే అది అర్ధాంతర ఫలితం కాదు, ఉండాల్సిన తీరే.

ఒక్క కాపీ చాలంటే ప్రతి సి కణమూ క్యాన్సర్ కావాలి కదా అని మీరు అడగొచ్చు. కాదు. అన్ని సి కణాలూ ముందు అతిగా పెరుగుతాయి, దాన్ని హైపర్‌ప్లాసియా అంటారు. వాటిలో కొన్ని మరికొన్ని మార్పులు పోగుచేసుకుని క్యాన్సర్‌గా మారతాయి. ఒక దెబ్బ చాలునన్నది ఆ జన్యువు వరకే, మొత్తం ప్రయాణానికి కాదు. ఇంకో సంగతి: ఈ కణితులు కూడా థైరాయిడ్ రెండు వైపులా, అనేక చోట్ల పుడతాయి. రెండు వైపులా రావడం వారసత్వానికి గుర్తు, అంతే. జన్యువు ఆర్‌బి1లా పెరుగుదలను ఆపే సప్రెసరా, రెట్‌లా పెంచే ఆంకోజీనా అన్నది అది చెప్పదు. ఆ తేడా మ్యుటేషన్లు జన్యువులో ఎలా పరుచుకున్నాయో చూస్తే దొరుకుతుంది. ఆర్‌బి1లో అవి జన్యువు పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి, ఎక్కువగా ప్రోటీన్‌ను తెంచేసేవి. పాడుచేయడానికి ఎక్కడ కొట్టినా ఒకటే. రెట్‌లో వేర్వేరు కుటుంబాల్లోనూ మళ్లీ మళ్లీ అవే కొన్ని స్థానాలు, ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి. పనిని పెంచే మార్పులు కొద్దిచోట్లే సాధ్యం.

వచ్చే పాఠానికి అభ్యాసం. ఒక కుటుంబంలో అన్నాచెల్లెళ్లిద్దరికీ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్. అన్న రక్తపరీక్షలో రెట్ ప్రోటీన్‌ను మధ్యలో తెంచేసే మ్యుటేషన్ ఉందని రిపోర్టు వచ్చింది, ‘కారణం దొరికింది’ అని కింద రాశారు. రెట్ పని తగ్గించే వారసత్వ మార్పులు హిర్ష్‌స్ప్రంగ్ జబ్బుకు, అంటే పెద్దపేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టడానికి, దారితీస్తాయన్నది కూడా దృష్టిలో పెట్టుకోండి. ఆ రిపోర్టు వాక్యాన్ని మీరైతే ఎలా తిరగరాస్తారు? చెల్లెలికి ముందుగా ఏ పరీక్ష చేయిస్తారు?