పండగ అలంకరణ నేర్పుదాం – 3వ పాఠం: రెండు గంటల్లో గుమ్మం తోరణం

పోయిన పాఠంలో వచ్చేవాళ్ళ పేర్లు రాసుకున్నాం, హాలు చూసుకున్నాం. ఈసారి అసలు పని: దసరాకి ముందు మన విశాఖలో ఒక అపార్ట్‌మెంట్ హాలు, సాయంత్రం 4 నుంచి 6 వరకు, పన్నెండు మంది, ఎక్కువమంది అరవై దాటిన అమ్మగార్లు. ఒక్కొక్కరూ ఒక్కో మామిడాకుల బంతిపూల తోరణం చేతపట్టుకుని ఇంటికెళ్ళాలి.

తోరణమే ఎందుకంటే, ఒకసారి నేను అట్టముక్కల మీద జిగురుతో అద్దాలు, జరీ అంటించే పని పెట్టి బోల్తాపడ్డాను. మన సముద్రపు గాలికి తెల్లజిగురు తొందరగా ఆరదు. ఆరు గంటలకు అందరూ తడి అట్టల్ని అరచేతుల్లో మోసుకుంటూ మెట్లు దిగారు. సగం అద్దాలు మెట్ల మీదే రాలిపోయాయి. అందుకే ఆరాల్సిన పని ఏదీ రెండు గంటల క్లాసులో పెట్టను.

ముందు మీరు ఇంట్లో ఒక తోరణం కట్టి, ఎంతసేపు పట్టిందో చూసుకోండి. నాకు అరగంట పట్టింది. కొత్తవాళ్ళకీ, వేళ్ళు నొప్పులున్నవాళ్ళకీ దానికి రెట్టింపు వేసుకోవాలి, అంటే గంట. రావడం, కూర్చోవడం, టీ, ఊడ్చుకోవడం కలిపితే రెండు గంటలకు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో మీకే గంట పడితే తోరణాన్ని చిన్నది చేయండి, క్లాసును పొడిగించకండి.

ఇప్పుడు లెక్క. గుమ్మం మూడడుగులు, కట్టుకోవడానికి రెండువైపులా అరడుగు కలిపి పురికొస నాలుగడుగులు. నాలుగంగుళాలకో ఆకు పెడితే పది ఆకులు, వాటి మధ్య తొమ్మిది ఖాళీలు. ఒక్కో ఖాళీలో రెండు పూల కుచ్చు, అంటే పద్దెనిమిది పూలు. చిరిగేవీ నలిగేవీ ఉంటాయి కాబట్టి మనిషికి పదమూడు ఆకులు, ఇరవైరెండు పూలు పెట్టుకుందాం. పన్నెండు మందికి 156 ఆకులు, 264 పూలు. పూర్ణా మార్కెట్లో పూలు కిలోల లెక్కన అడిగే ముందు పావుకిలో తూయించి లెక్కపెట్టండి, ఎన్ని కిలోలు కావాలో తేలిపోతుంది. తడిసిన పూలొద్దు. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్లో ఉంచకుండా పేపరు మీద పరవండి. మూతికట్టిన కవర్లో సాయంత్రానికే ఉడికినట్టయిపోతాయి.

ఆకు ఎంపికలోనే సగం పని ఉంది. రాగిరంగు లేతాకు అదే రాత్రి వాడిపోతుంది. మరీ ముదురాకు మడత దగ్గర పెళుక్కుమంటుంది. పచ్చగా ఉండి, వంచితే వంగేది కావాలి. ఆ రోజు పొద్దున కోసి తడిగుడ్డలో చుట్టండి.

ఇక వరుస. మొదటి పదిహేను నిమిషాలు రావడానికి, కూర్చోవడానికి. నేల మీద చాప వేయకండి, మోకాళ్ళు ఒప్పుకోవు. కుర్చీలూ, బల్లలూ వేయించండి. తర్వాత పది నిమిషాలు మీరు ఒక ఆకు, ఒక కుచ్చు మాత్రం చేసి చూపండి. మొత్తం తోరణం కట్టి చూపితే వాళ్ళ సమయం మీరు తినేస్తారు.

ముందు ఆకులు, ముప్ఫై నిమిషాలు. ఆకు తొడిమ వైపు భాగాన్ని పురికొస మీదుగా వెనక్కి మడిచి, రెండు పొరల్నీ కలిపి అంగుళం కొబ్బరి ఈనెతో గుచ్చాలి, జాకెట్టుకు పిన్నీసు పెట్టినట్టు. ఈనె లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. ఒక్కసారే గుచ్చితే ఆకు తిరిగిపోతుంది. బల్ల మీద నాలుగంగుళాలకో సుద్ద గీత గీసి ఉంచితే స్కేలు వెతుక్కునే పని ఉండదు.

టీకి పది నిమిషాలు. అప్పటికి మెడలు పట్టేస్తాయి కాబట్టి ఇది వదలకండి.

తర్వాత కుచ్చులు, ముప్ఫైఐదు నిమిషాలు. సూదులన్నిటికీ దారం మీరు ముందురోజే ఎక్కించి ఉంచాలి. ఇది మరిస్తే క్లాసు అక్కడే ఆగిపోతుంది, నన్నడగండి! రెండు పేటల దారానికి చివర ముడి సరిపోదు, బంతిపువ్వు మెత్తన, ముడి జారి పైకొచ్చేస్తుంది. చివర అరంగుళం ఈనె ముక్క అడ్డంగా కట్టాలి. రేకుల వైపు నుంచి సూది గుచ్చి ఆకుపచ్చ తొడిమలోంచి లాగితే పువ్వు తలకిందులుగా నిలబడుతుంది. రెండో పువ్వూ అలాగే. తర్వాత పురికొసకు రెండు ముళ్ళు.

మధ్యలో ఒకామె, "ఏమ్మా, నాది వంకర వచ్చిందే" అంటారు. కుచ్చుల పొడవులు తేడా ఉంటే అలా వస్తుంది. విప్పించకండి, పొడుగు కుచ్చును పురికొసకు ఇంకో చుట్టు తిప్పితే సరి.

చివరి ఇరవై నిమిషాల్లో పది, తోరణాల్ని చుట్టకుండా పేపర్లో పొడవుగా పెట్టడానికి. మిగతా పది ఊడ్చుకోవడానికీ, సూదులు లెక్కపెట్టడానికీ. ఎన్ని ఇచ్చారో అన్నీ తిరిగి డబ్బాలోకి వచ్చాకే హాలు తాళం వేయండి.

వచ్చే పాఠం: చూపు తక్కువున్నవాళ్ళు సూది లేకుండా పూలు ఎలా కట్టాలి. దానికి అరటినార కొంచెం తెచ్చి నీళ్ళలో నానబెట్టి ఉంచుకోండి.